తాకట్టు పెట్టిన బంగారం మళ్ళీ ఇంటికి రావాలంటే

బ్యాంకు కౌంటర్ పక్కన చిన్న బల్ల వేసుకుని, గీటురాయి, తూకం ముందు పెట్టుకుని కూర్చునే అప్రైజర్‌ని చూసే ఉంటారు. ఆ పనిలో చాలా ఏళ్ళు గడిపాను. నగలు మూట విప్పగానే వచ్చేవాళ్ళు అడిగే మొదటి మాట, ‘వీటిమీద ఎంతొస్తుందండీ?’ అని. ‘నాకు రెండు లక్షలు కావాలి, దానికి ఏ నగ పెడితే సరిపోతుంది?’ అని అడిగినవాళ్ళు చాలా తక్కువ. బంగారం పోగొట్టుకున్నవాళ్ళలో ఈ రెండో ప్రశ్న అడిగినవాళ్ళు నాకు ఒక్కరు కూడా గుర్తులేరు.

అందుకే మూట కట్టుకుని బయల్దేరే ముందు దగ్గర నుంచి, మళ్ళీ ఇంటికి తెచ్చుకునేదాకా ఏం చేయాలో వరసగా చెప్తాను. ఉదాహరణకి ఒకావిడని అనుకుందాం, పేరు సరోజ. కొడుకు ఇంజినీరింగ్ ఫీజు, హాస్టల్ కలిపి 2 లక్షలు కట్టాలి. ఆవిడ దగ్గర అత్తగారిచ్చిన పాత రాళ్ళ హారం, ఈమధ్య కొన్న నాలుగు గాజులు ఉన్నాయి.

ముందు ఇంట్లోనే తూకం, ఫోటోలు

నగల్ని విడివిడిగా ఫోన్‌లో ఫోటో తీయండి. హుక్కులు, అతుకులు, ఎక్కడైనా సొట్ట ఉంటే అది కూడా కనపడేలా తీయండి. తర్వాత తెలిసిన కంసాలి దగ్గరో నగల షాపులోనో తూకం వేయించి, ఒక్కో నగ బరువు రాసుకోండి. హాల్‌మార్క్ ఉన్న నగ అయితే లోపలి వైపు 916 అని, ఆరు అక్షరాలు-అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ అని చిన్నగా ముద్ర ఉంటుంది. దాన్ని కూడా నోట్ చేసుకోండి. కొన్నప్పటి బిల్లు ఉంటే వెంట తీసుకెళ్ళండి.

ఇంకో సంగతి. నగలు ఎవరివో వాళ్ళ పేరు మీదే అప్పు తీసుకోండి. ‘బావగారికి ఆ బ్రాంచిలో తెలుసు, ఆయన పేరు మీద పెట్టిద్దాం’ అని ఇచ్చేస్తే, కాగితం ప్రకారం ఆ బంగారం బావగారిదే. విడిపించుకునే హక్కూ ఆయనదే. ఆయన ఇంకో అప్పు ఎగ్గొట్టినా, ఆయనకి ఏమైనా జరిగినా, మీ గాజుల కోసం మీరు వారసుల సర్టిఫికెట్ల చుట్టూ తిరగాలి. ఇలాంటి తగాదాలు కౌంటర్ ముందే ఏడుపుల దాకా వెళ్ళడం చూశాను.

కౌంటర్ దగ్గర: మీ బరువు, మా బరువు

సరోజ ఇంట్లో వేసిన లెక్క ఇది. హారం 40 గ్రాములు, గాజులు నాలుగు కాసులు, అంటే 32 గ్రాములు. మొత్తం 72 గ్రాములు. షాపులో 22 క్యారెట్ల గ్రాము ధర 9,600 రూపాయలు అనుకుందాం (లెక్క తేలిగ్గా ఉండడానికి ఈ అంకె వేసుకున్నాను, మీరు ఆరోజు ధర వేసుకోండి). 72ని 9,600తో గుణిస్తే 6,91,200. ‘దాదాపు ఏడు లక్షల బంగారం పెడుతున్నా’ అనుకుంటూ ఆవిడ వస్తుంది.

అప్రైజర్ చేతిలో ఆ లెక్క మూడు చోట్ల తగ్గుతుంది.

మొదటిది, బంగారం కానిదాని బరువు. హారంలో రాళ్ళు, వాటి కింద నింపిన లక్క, వెనక కట్టిన దారం, ఇవన్నీ తీసేయాలి. రాయి ఎంత ఖరీదైనదైనా అప్పులో దానికి విలువ లేదు. రాళ్ళు ఊడదీసి తూచడం కుదరదు కాబట్టి అంచనా వేస్తాం. ఇక్కడే మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. అప్రైజర్‌కి భయం ఎక్కువైతే ఎక్కువ కోస్తాడు, ఎందుకంటే రేపు తేడా వస్తే తప్పు తన మెడకే చుట్టుకుంటుంది. సరోజ హారంలో 7 గ్రాములు తీసేశారనుకుందాం. నికర బరువు 33 గ్రాములు. నల్లపూసల గొలుసులోనూ ఇంతే, పూసల బరువు మొత్తం పోతుంది. లోపల లక్క పోసిన గాజులు అయితే చూడ్డానికి బరువుగా ఉంటాయి గాని సగం బరువు కూడా బంగారం ఉండకపోవచ్చు.

రెండోది మచ్చు, అంటే స్వచ్ఛత. హాల్‌మార్క్ గాజులు 22 క్యారెట్లే, పేచీ లేదు. పాత హారం సంగతి వేరు. రాతి మీద గీసి, గీత మీద యాసిడ్ చుక్క వేస్తే రంగు ఎంత నిలుస్తుందో దాన్ని బట్టి చెప్తాం. చాలా బ్రాంచిల్లో ఇప్పుడు క్యారెట్ మీటర్ కూడా ఉంది. ఆ మిషన్ పైపొరని మాత్రమే చదువుతుంది, అందుకే పాతవాళ్ళం అంచున కొంచెం గీసి చూస్తాం. హాల్‌మార్క్ రాకముందు చేయించిన నగల్లో అతుకుల దగ్గర టంకం ఎక్కువ ఉంటుంది, బంగారం కూడా 20 క్యారెట్ల చుట్టూ ఉండడం మామూలే. అప్పటి కంసాలి మోసం చేశాడనుకోకండి, రాళ్ళు నిలవాలంటే కొంచెం గట్టి బంగారం కావాలి. సరోజ హారం 20 క్యారెట్లు తేలింది. 33 గ్రాముల 20 క్యారెట్ల బంగారం, 22 క్యారెట్ల లెక్కలో 30 గ్రాములు (33ని 20తో గుణించి 22తో భాగించండి).

మూడోది ధర. షాపు బోర్డు మీద ధర కాదు, బ్యాంకు వేరే ధర వేస్తుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, ముందురోజు ముగింపు ధర, గత 30 రోజుల ముగింపు ధరల సగటు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. ఆ ధరలు ఐబీజేఏ అనే బంగారం వ్యాపారుల సంఘమో, సెబీ పరిధిలోని కమోడిటీ ఎక్స్ఛేంజో ప్రకటించినవై ఉండాలి. ధర పెరుగుతున్న నెలలో సగటు కింద ఉంటుంది, పడుతున్న నెలలో నిన్నటి ధర కింద ఉంటుంది. ఎటు చూసినా తక్కువదే వస్తుంది. మన లెక్కలో అది గ్రాముకి 9,000 అనుకుందాం.

అంటే 30 గ్రాములు, 32 గ్రాములు, మొత్తం 62 గ్రాములు. విలువ 5,58,000 రూపాయలు. సరోజ మనసులో ఉన్నదానికి ఇది లక్షా ముప్పై మూడు వేలు తక్కువ. ఇందులో మోసం ఏమీ లేదు. కానీ ఎక్కడెక్కడ ఎంత తగ్గించారో చెప్పమని అడిగే హక్కు మీకుంది. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కొత్త ఆదేశాల ప్రకారం, పరీక్ష మీ ఎదురుగానే జరగాలి. మొత్తం బరువు, నికర బరువు, క్యారెట్లు, రాళ్ళకీ లక్కకీ తీసేసినది ఎంత, నగకి ముందే ఉన్న దెబ్బలు ఏమిటి, విలువ ఎంత అన్నవి రాసి, నగల ఫోటోతో సహా సర్టిఫికెట్ ఇవ్వాలి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అన్నీ 2026 ఏప్రిల్ 1 నుంచి వీటిని పాటించాల్సిందే. అంతకుముందు తీసుకున్న అప్పులకి పాత నిబంధనలే వర్తిస్తాయి.

తగ్గించిన లెక్క మీకు నచ్చకపోతే మూట కట్టుకుని పక్క బ్రాంచికి వెళ్ళడానికి మొహమాటపడకండి. ఒకే హారానికి ఇద్దరు అప్రైజర్లు రెండు మూడు గ్రాముల తేడా చెప్పడం మాకు కొత్త కాదు.

ఎంత ఇస్తారు, ఎంత తీసుకోవాలి

ఇంటి ఖర్చు, చదువు, వైద్యం లాంటి వాటికి తీసుకునే అప్పులకి పరిమితి ఇలా ఉంది. మొత్తం అప్పు రెండున్నర లక్షల లోపైతే విలువలో 85 శాతం దాకా, రెండున్నర నుంచి 5 లక్షల దాకా అయితే 80 శాతం, 5 లక్షలు దాటితే 75 శాతం. పంట రుణానికో వ్యాపారానికో అయితే లెక్కలు వేరు. రైతులైతే పట్టాదారు పాస్‌పుస్తకం తీసుకెళ్ళి, వ్యవసాయ రుణం కింద వడ్డీ ఎంతో ముందు అదే అడగండి.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. వడ్డీ నెలనెలా కట్టకుండా అసలూ వడ్డీ ఏడాది చివర ఒకేసారి కడతానంటే, ఆ ఏడాది వడ్డీని కూడా ముందే కలిపి పరిమితి చూస్తారు. సరోజ రెండు నగలూ పెట్టి చివర్లో కట్టే పద్ధతి తీసుకుంటే, 5,58,000లో 80 శాతం 4,46,400. 12 శాతం వడ్డీ అయితే ఆ వడ్డీ కూడా అందులోనే ఇమడాలి కాబట్టి చేతికొచ్చేది 3,98,000 చుట్టూ. ఇలా చివర్లో కట్టే అప్పులకి గడువు 12 నెలలు మించకూడదు.

కౌంటర్‌లో కుర్రాడు ‘మేడమ్, మీకు 3,98,000 దాకా ఎలిజిబుల్’ అంటాడు. వాడికి టార్గెట్ ఉంటుంది, తప్పు పట్టలేం. కానీ సరోజకి కావాల్సింది 2 లక్షలు. గాజులు మాత్రమే చూడండి. 32 గ్రాములు, విలువ 2,88,000. అందులో 85 శాతం 2,44,800. అంటే గాజులతోనే పని అయిపోతుంది, హారం బీరువా దాటి రానక్కర్లేదు.

2 లక్షలు అంటే గాజుల విలువలో 70 శాతం కూడా కాదు. ఆ మిగిలిన జాగా ఎందుకు పనికొస్తుందో చెప్తాను. పరిమితి అనేది అప్పు ఇచ్చిన రోజుకే కాదు, అప్పు ఉన్నన్నాళ్ళూ దాటకూడదు. వడ్డీ ఎప్పటికప్పుడు కడుతున్న సరోజకి, గ్రాము ధర 9,000 నుంచి 7,350 దాకా పడితే గాని ఇబ్బంది రాదు. అదే రెండు నగలూ పెట్టి వచ్చినంతా తీసుకుంటే మొదటిరోజే అంచున నిలబడ్డట్టు. ధర కొంచెం పడగానే ‘కొంత డబ్బు కట్టండి, లేదా ఇంకో నగ తెచ్చి పెట్టండి’ అని ఫోన్ వస్తుంది. ఆ టెన్షన్ పడేది డబ్బు చేతిలో లేని రోజునే.

నేను మా ఇంట్లోవాళ్ళకి చెప్పే మాట ఇంకొకటి. నాలుగు గాజుల్నీ ఒకే అప్పు కింద పెట్టకండి. రెండేసి చొప్పున లక్ష, లక్ష, రెండు అప్పులు తీసుకోండి. ఒకే అప్పు కింద పెట్టిన నగలన్నీ ఒకే ప్యాకెట్‌లో సీలవుతాయి. సగం డబ్బు కట్టినా సగం గాజులు చేతికిచ్చే పద్ధతి అన్ని చోట్లా లేదు. రెండు ప్యాకెట్లయితే లక్ష సమకూరగానే ఒక జత ఇంటికొచ్చేస్తుంది. రెండుసార్లు సంతకాలు, రెండుసార్లు అప్రైజర్ ఫీజు, అంతే తేడా.

వడ్డీ: మనం రూపాయల్లో ఆలోచిస్తాం, వాళ్ళు శాతాల్లో రాస్తారు

నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకి 1 శాతం, ఏడాదికి 12. రూపాయిన్నర అంటే 18, రెండు రూపాయలంటే 24. ఇంటిదగ్గర సేటు దగ్గర కుదవపెట్టడం అలవాటైనవాళ్ళు, కంపెనీ ప్రకటనలో ఏడాదికి 12 అని చూసి ‘అబ్బో, పన్నెండా’ అని భయపడి, సేటు చెప్పిన రెండు రూపాయలు తక్కువనుకుంటారు. పైగా సేటు దగ్గర రెండు రోజులు ఎక్కువైనా నెల వడ్డీ పూర్తిగా పడుతుంది, మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుని ఇవ్వడం కూడా ఉంది. బ్యాంకులో రోజుల లెక్క. 2 లక్షలకి 12 శాతం అంటే రోజుకి సుమారు 66 రూపాయలు. పది రోజులు ముందు కడితే ఆ మేరకు మిగులుతుంది.

బ్యాంకులో వడ్డీ మామూలుగా ఒకే రేటు. ఫైనాన్స్ కంపెనీల స్కీముల్లోనే జాగ్రత్తగా చూడాలి. ఒక నమూనా చెప్తాను: 30 రోజుల లోపు వడ్డీ కడుతూ ఉంటే ఏడాదికి 12 శాతం, 90 రోజుల లోపైతే 18, ఆపైన అయితే 24. బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండేది ఆ 12. 91వ రోజున కట్టడానికి వెళ్తే, ఆ 24 శాతం ఆ ఒక్కరోజుకే పడదు, చాలా స్కీముల్లో అప్పు తీసుకున్న మొదటి రోజు నుంచి పడుతుంది. 2 లక్షలకి ఆరు నెలల వడ్డీ 12 శాతం చొప్పున 12,000, 24 చొప్పున 24,000. నెలనెలా 2,000 కట్టడం మర్చిపోయినందుకు ఇంకో పన్నెండు వేలు.

కాబట్టి సంతకం చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ‘ఒక్క నెల కూడా కట్టకపోతే ఏడాది చివర నేను కట్టాల్సింది మొత్తం ఎంత? ఎక్కువ రేటు ఏ రోజు నుంచి మొదలవుతుంది, పాత రోజులకి కూడా పడుతుందా? మధ్యలో అసలు కొంత కడితే ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుందా?’ జవాబులు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితంలో ఉంటాయి, అది ఇవ్వడం తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు లాంటివన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో కూడా అందులో ఉంటుంది. రెండు చోట్ల రేట్లు పోల్చాలంటే ఆ అంకెనే పోల్చండి. మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి, చదువురానివాళ్ళకైతే సాక్షి ముందు వివరించాలని నిబంధన కూడా ఉంది. ఆలస్యానికి వేసే జరిమానాని అసలులో కలిపి దానిమీద మళ్ళీ వడ్డీ లెక్కగట్టకూడదు.

20,000 దాటిన అప్పు మీ ఖాతాలోనే పడుతుంది, చేతికి నగదు ఇవ్వరు. ప్యాకెట్‌కి సీల్ వేసేదాకా అక్కడే ఉండండి. ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ సరిగా రాశారో లేదో చూసుకోండి. ఇది ఎందుకో కిందికి వెళ్ళాక తెలుస్తుంది.

పెట్టాక: బంగారం ఎలా జారిపోతుంది

ధర ఒక్కసారిగా కుప్పకూలి నగలు పోయిన సందర్భాలు నేను చూసినవి తక్కువ. వడ్డీ మెల్లగా పేరుకుని పోయినవే ఎక్కువ.

ఏడాది అయ్యేసరికి చేతిలో డబ్బు ఉండదు. ‘రెన్యువల్ చేయించుకోండి’ అంటారు. పాత పద్ధతిలో వడ్డీని అసలులో కలిపేసి కొత్త అప్పుగా రాసేవారు. 2 లక్షలు ఏడాదికి 2,24,000, రెండేళ్ళకి 2,50,880, మూడో ఏడు 2,81,000 దగ్గరికి వచ్చేస్తుంది. చేతికొచ్చిన డబ్బు మాత్రం ఆ మొదటి రెండు లక్షలే. బంగారం ధర పెరుగుతున్నన్నాళ్ళూ ఇది ఎవరికీ నొప్పి తెలియదు, ఎందుకంటే పెరిగిన విలువ పెరిగిన అప్పుని మింగేస్తుంది. ధర ఒక ఏడాది కదలకుండా నిలబడితే చాలు, జాగా అయిపోతుంది. ఇప్పుడు పేరుకున్న వడ్డీ కట్టాకే రెన్యువల్ చేయాలి. మంచి నిబంధనే గాని, దాన్ని దాటడానికి జనం ఒకరోజుకి చేబదులు తెచ్చి అప్పు తీర్చి, ఆ మధ్యాహ్నమే మళ్ళీ అవే నగలు పెడుతున్నారు. ఆ ఒకరోజు డబ్బుకీ వడ్డీ, మళ్ళీ ఫీజులు.

అందుకని జీతం పడిన మర్నాడో, పాల డబ్బులు వచ్చే రోజో, ఒక తేదీ పెట్టుకుని వడ్డీ కట్టేయండి. ఎక్కువ ఉంటే అసలులో కూడా వేయండి. వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టినా రసీదులో ‘అసలు’ గడిలో పడిందో, వచ్చే నెల వడ్డీగా ఉంచారో చూడండి.

నోటీసు వస్తే

వేలానికి ముందు మీకు సమాచారం ఇచ్చి, కట్టుకోవడానికి గడువు ఇవ్వాలి. పేపర్లో కూడా ప్రకటించాలి, ఒకటి ప్రాంతీయ భాషలో, ఒకటి జాతీయ దినపత్రికలో. పేపర్లో వేలం ప్రకటనలు చూసే ఉంటారు, చీమల్లాంటి అక్షరాల్లో వరసగా ఖాతా నంబర్లు ఉంటాయి. అద్దె ఇల్లు మారి అడ్రస్ మార్చనివాళ్ళకి, సిమ్ మార్చినవాళ్ళకి ఆ ఉత్తరం చేరదు. ‘పాత అడ్రస్‌కి పంపాం, తిరిగొచ్చింది’ అని బ్రాంచి ఫైల్లో ఉంటుంది. ఇల్లు మారిన వారంలోనే వెళ్ళి అడ్రస్ మార్చి రాయించండి, రాసినట్టు కాగితం తీసుకోండి.

సరోజ వడ్డీ కట్టడం మానేసి, ఏడాదికి 24 శాతం పడిందనుకుందాం. కట్టాల్సింది 2,48,000. గాజుల విలువ అప్పటికీ 2,88,000. వేలంలో కనీస ధర అప్పటి విలువలో 90 శాతం కన్నా తక్కువ పెట్టకూడదు, రెండుసార్లు ఎవరూ కొనకపోతేనే 85కి దింపొచ్చు. 90 శాతం అంటే 2,59,200. అక్కడికే పోతే మిగిలేది 11,200, అందులోంచి నోటీసు, వేలం ఖర్చులు పోతాయి. మిగిలిన డబ్బు వేలం సొమ్ము పూర్తిగా అందిన 7 పనిదినాల్లో మీకు తిరిగివ్వాలి, వేలం లెక్క చూపించాలి. చాలామంది సిగ్గుపడి ఆ లెక్క అడగడానికి కూడా వెళ్ళరు. వెళ్ళండి, అది మీ డబ్బే.

అవే గాజులు మళ్ళీ చేయించుకోవాలంటే? 32 గ్రాములు 9,600 చొప్పున 3,07,200, తరుగు 12 శాతం, ఆపైన 3 శాతం జీఎస్టీ. 3,54,000 దాటుతుంది.

ఇక కట్టలేనని తేలిపోతే వేలం దాకా ఆగకండి, మీరే అమ్మండి. షాపువాడు పాత బంగారం గ్రాముకి 9,300కి కొన్నాడనుకుంటే 32 గ్రాములకి 2,97,600. అప్పు పోను సుమారు 49,600 మిగులుతుంది. వేలంలో 11,200 కూడా పూర్తిగా రావడం లేదు, గుర్తుందిగా. రెండు ప్యాకెట్లుగా పెట్టుకుని ఉంటే ఇంకా మంచిది: ఒక జత అమ్మితే 1,48,800 వస్తుంది, ఆ ప్యాకెట్ అప్పు 1,24,000 తీరుతుంది, మిగిలిన 24,800 రెండో జత వడ్డీకి సరిపోతుంది. రెండు గాజులైనా చేతికి ఉంటాయి.

అమ్మాలంటే ముందు విడిపించాలి, దానికి డబ్బు లేదు. ఇక్కడే ‘తాకట్టు బంగారం విడిపించి కొంటాం’ అనే బోర్డులవాళ్ళు వస్తారు. బ్యాంకుకి వాళ్ళే కట్టి, నగలు విడిపించి, అక్కడికక్కడే కొని, మిగతాది మీకిస్తారు. పని జరుగుతుంది, కాకపోతే గ్రాము ధర, నికర బరువు, సర్వీస్ చార్జీ ఈ మూడూ కాగితం మీద రాయించుకున్నాకే బ్రాంచికి కలిసి వెళ్ళండి. బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్‌లో నికర బరువు మీ దగ్గర ఉంది కాబట్టి, ‘తరుగు పోను ఇంతే’ అని వాళ్ళు కొత్త లెక్క చెప్తే పట్టేస్తారు. రెండు చోట్ల అడగండి. తెలిసిన నగల షాపు ఉంటే ముందు వాళ్ళనే అడగండి, తమ మనిషిని పంపి విడిపించి కొనే షాపులు చిన్న ఊళ్ళలో కూడా ఉన్నాయి.

నోటీసు అందాక బ్రాంచికి వెళ్ళడానికి మొహం చెల్లక ఆగిపోయేవాళ్ళని చూశాను. కొంత వడ్డీ కట్టి, ఫలానా తేదీకి మిగతాది కడతానని రాసిస్తే వేలం జాబితా నుంచి తీసిన సందర్భాలూ చూశాను. అందరూ ఒప్పుకుంటారని లేదు. అయితే వేలంతో బ్రాంచికి కూడా పేపర్ ప్రకటన, ఆడిట్, కస్టమర్ గొడవ, ఇంత పని ఉంటుంది. వడ్డీ కట్టించుకోవడమే వాళ్ళకీ సుఖం.

విడిపించుకునే రోజు

పూర్తిగా కట్టేసిన రోజే నగలు ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా 7 పనిదినాలు మించకూడదు. వాళ్ళ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం కట్టాలి. వెళ్ళే ముందు ఫోన్ చేసి రండి, ఖజానా తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఒకరు సెలవులో ఉంటే మీకు ఆ రోజు వృథా.

సీల్ మీ కళ్ళముందే కోయమనండి. ఒక్కో నగ తూకం వేయించి సర్టిఫికెట్‌లోని మొత్తం బరువుతో పోల్చండి. హుక్కు ఊడిందా, రాయి పోయిందా అన్నది ఇంటి దగ్గర తీసిన ఫోటోతో చూసుకోండి. తేడా కనిపిస్తే సంతకం పెట్టకముందే చెప్పి రాయించండి, ఎందుకంటే ‘సరిగా అందాయి’ అని సంతకం పెట్టి గుమ్మం దాటాక మాట్లాడ్డానికి ఏమీ ఉండదు. వాళ్ళ దగ్గర ఉండగా నగ దెబ్బతింటే బాగుచేయించే ఖర్చు వాళ్ళదే.

తేడా ఒప్పుకోకపోతే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టొచ్చు, ఖర్చు లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. సేటు దగ్గర పెట్టిన బంగారానికి ఈ దారి లేదు. అక్కడ మీ చేతిలో ఉండేది ఆయన రాసిచ్చిన చీటీ మాత్రమే, దాని మీద బరువు గ్రాముల్లో లేకపోతే అది కూడా పెద్దగా ఉపయోగపడదు.